20 రూపాయల బీమా కోసం 356 రోజులు: మా పిన్ని క్లెయిమ్ కథ

మా బాబాయి పోయింది 2024 నవంబరు 20న. బీమా డబ్బులు 2 లక్షలు పిన్ని ఖాతాలో పడింది 2025 నవంబరు 11న. మధ్యలో ఏం జరిగిందో వరసగా రాస్తున్నాను. తప్పు బ్యాంకుదీ కంపెనీదీ మాత్రమే కాదు, మొదటి తప్పు నాది. అదీ దాచకుండా రాస్తాను.

మాది ప్రకాశం జిల్లా కొండపి దగ్గర పల్లె. బాబాయికి 47 ఏళ్లు. మూడెకరాలు కౌలుకు తీసుకుని పొగాకు వేసేవాడు. నాట్లు వేసే రోజుల్లో మోటారుకు కాపలా కోసం రాత్రిళ్లు పొగాకు ఆరబెట్టే బ్యారన్ వసారాలో గోనెపట్టా పరుచుకుని పడుకునేవాడు. 17వ తేదీ ఆదివారం రాత్రి కూడా అలాగే పడుకున్నాడు. మూడు గంటలప్పుడు కడుపులో నొప్పి అంటూ ఇంటికి నడిచొచ్చాడు. గ్యాస్ అనుకుని పిన్ని సోడా తాగించింది. తెల్లవారేసరికి కళ్లు తెరవలేకపోతున్నాడు. రెప్పలు వాలిపోతున్నాయి, మాట ముద్దగా వస్తోంది. ఒంటి మీద ఎక్కడా గాటు లేదు, వాపు లేదు. పక్కింటి పెద్దాయన ఒక్కడే చూసి చెప్పాడు, "ఇది కట్లపాము పనిరా, ఆలస్యం చేయకండి" అని.

108లో ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లారు. అక్కడ విషానికి విరుగుడు సీసాలు పది ఎక్కించారు. ఊపిరి అందడం లేదు, వెంటిలేటర్ కావాలి అని ఒంగోలు పంపించారు. నేను ఒంగోల్లో ఎరువుల దుకాణంలో లెక్కలు రాస్తాను. తెలిసినవాళ్ల ద్వారా ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్పించాను. రెండు రోజులు వెంటిలేటర్ మీద ఉండి బుధవారం సాయంత్రం పోయాడు. బిల్లు 1,06,000 అయింది. అందులో 90 వేలు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చాం. ఈ వడ్డీ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

శవాన్ని ఇచ్చే ముందు ఆసుపత్రిలో ఒకాయన పిలిచి అడిగాడు, "పాము కాటు కేసు కదా, పోలీసులకు చెప్పి పోస్ట్‌మార్టం చేయించుకుంటారా, ఇంటికి తీసుకెళ్తారా?" అని. పిన్ని స్పృహలో లేదు. మా నాన్న గోడకు ఆనుకుని కూర్చున్నాడు. నేనే చెప్పాను, వద్దు, కోతలు వద్దు, తీసుకెళ్లిపోతాం అని. ఒక కాగితం మీద సంతకం పెట్టమంటే పెట్టాను. అందులో ఏం రాసుందో చదవలేదు. మూడో రోజు బ్యారన్‌లో పొగాకు కర్రల కింద కట్లపాము కనిపించింది. కుర్రాళ్లు కొట్టి కాల్చేశారు. ఫొటో తీయాలని ఎవరికీ తోచలేదు.

బీమా ఉందని అప్పటికి ఎవరికీ తెలియదు. సంక్రాంతి అయ్యాక, జనవరి 22న, కౌలు బాకీ లెక్క కోసం బాబాయి బ్యాంకు పుస్తకం తీసుకుని ఎంట్రీలు వేయించాను. 2024 మే 27న 20 రూపాయలు కోత పడి ఉంది. ఎదురుగా పీఎంఎస్‌బీవై అని ఉంది. అంటే ప్రధానమంత్రి సురక్షా బీమా యోజన. ప్రమాదంలో పోతే 2 లక్షలు, జూన్ 1 నుంచి మే 31 దాకా ఏడాది కవరు. ఆ పేజీలోనే ఇంకో సంగతి కనిపించి గుండె జారింది. 2023 మేలో 20తో పాటు 436 కూడా కోసుకున్నారు. అది జీవన్ జ్యోతి బీమా, ఏ కారణంతో పోయినా 2 లక్షలు ఇచ్చేది. 2024లో 436 ఎంట్రీ లేదు. ఎందుకంటే మే నెలాఖరుకు ఖాతాలో ఉన్నది 212 రూపాయలు. ఇరవై వచ్చింది, 436 రాలేదు. జూన్ 4న ఉపాధి పని కూలి పడింది. వారం ముందు పడి ఉంటే ఈ కథంతా అవసరమే ఉండేది కాదు. జీవన్ జ్యోతిలో పాము కాటా, గుండెపోటా అని ఎవరూ అడగరు. సురక్షా బీమాలో మాత్రం ప్రమాదమేనని రుజువు చేయాలి. మా గొడవంతా ఆ ఒక్క మాట చుట్టూ తిరిగింది.

క్లెయిమ్ కట్టాల్సింది ఖాతా ఉన్న బ్యాంకు శాఖలోనే. మొదటి రోజు మేనేజర్ లేడు. రెండో రోజు ఫారం లేదన్నారు. jansuraksha.gov.in లో దొరుకుతుందని దుకాణంలో పనిచేసే కుర్రాడు చెబితే అక్కడి నుంచే ప్రింటు తీసుకున్నాను. మరణ ధ్రువపత్రం కోసం ముందు మా పంచాయతీకి వెళ్లాను. అక్కడ తెలిసింది, మనిషి ఏ ఊరివాడైనా ప్రాణం పోయిన చోటే నమోదు చేయాలట. ఒంగోలు కార్పొరేషన్‌కు వెళ్లాలి. ఆసుపత్రివాళ్లు అప్పటికే వివరాలు పంపారు కాబట్టి పత్రం తేలిగ్గానే వచ్చింది. కానీ దాని మీద ఎప్పుడు, ఎక్కడ పోయాడో ఉంటుంది గానీ ఎందుకు పోయాడో ఉండదు. కారణం కోసం కంపెనీవాళ్లు ఆసుపత్రి ఇచ్చిన డెత్ సమ్మరీ చూస్తారు. ఇది నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది.

ఫిబ్రవరి 3న ఫారం, మరణ ధ్రువపత్రం, ఇద్దరి ఆధార్‌లు, పిన్ని ఖాతా పుస్తకం, డెత్ సమ్మరీ జెరాక్సు ఇచ్చాం. నామినీగా పిన్ని పేరే ఉంది, ఆ ఒక్క చోట మాకు కలిసొచ్చింది. ప్రమాదం జరిగిన 30 రోజుల్లోపు ఇవ్వాలి కదా అని బ్యాంకాయన అడ్డు చెప్పాడు. బీమా ఉన్నట్టు తెలియలేదని ఒక ఉత్తరం రాసి జతచేయించాడు. తర్వాత ఎఫ్ఐఆర్, పోస్ట్‌మార్టం రిపోర్టు ఏవి అన్నాడు. లేవన్నాను. పెదవి విరిచి, "పంపిస్తాను గానీ ఆశ పెట్టుకోకండి" అన్నాడు. తీసుకున్నట్టు ముద్ర వేసి ఇవ్వమని అడిగి, వేయించుకునే బయటికొచ్చాను. ఆ ముద్ర తర్వాత పనికొచ్చింది.

అదే రోజు ఏటీఎం కార్డు మీద కూడా బీమా ఉంటుందని ఎవరో చెప్పారు. జన్‌ధన్ ఖాతాకు ఇచ్చే రూపే కార్డు అది. అడిగితే, ప్రమాదానికి ముందు 90 రోజుల్లో కార్డును కనీసం ఒక్కసారి వాడి ఉండాలి అన్నారు. డబ్బులు తీయకపోయినా, నిల్వ చూసుకున్నా చాలట. బాబాయి కార్డు వచ్చిన కవరులోనే ఉంది, పిన్ని బీరువాలో చీరల కింద. ఆయన ఎప్పుడూ వేలిముద్ర వేసే డబ్బులు తీసుకున్నాడు. దాని మీద నేను పోట్లాడలేదు. నిబంధన అదే. కానీ కార్డు చేతికిచ్చేటప్పుడు ఈ ముక్క చెప్పినవాళ్లు మా ఊళ్లో ఒక్కరికీ లేరు.

ఫిబ్రవరి, మార్చి గడిచాయి. వారానికోసారి ఫోన్ చేస్తే "కంపెనీ దగ్గరుంది" అనేవాళ్లు. ఏప్రిల్ 9న శాఖకు వెళ్తే బ్యాంకాయన కంప్యూటర్ నావైపు తిప్పి చూపించాడు. మార్చి 28నే తిరస్కరించారు. రెండు కారణాలు రాశారు. ఎఫ్ఐఆర్, పోస్ట్‌మార్టం రిపోర్టు ఇవ్వలేదు. మరణ కారణం కార్డియో రెస్పిరేటరీ అరెస్ట్, అంటే గుండె, ఊపిరి ఆగడం. ఇది ప్రమాదం కాదు. పన్నెండు రోజులుగా ఆ సంగతి ఆ కంప్యూటర్లోనే ఉంది, మాకెవరూ చెప్పలేదు.

పిన్నికి ఆ మాట చెప్పడానికి నాకు నోరు రాలేదు. రెండు రోజులు ఊరికి వెళ్లలేదు. పోస్ట్‌మార్టం వద్దన్నది నేను. సంతకం నాది. ఎవరూ నన్నేమీ అనలేదు, అదింకా కష్టంగా ఉండేది.

మా దుకాణానికి మందుల కోసం వచ్చే రైతుల్లో ఒక పెద్దాయన బీమా కంపెనీలో పనిచేసి రిటైరయ్యాడు. ఆయన ముందు అడిగింది ఒకటే, "కాగితం మీద ఇచ్చారా?" అని. లేదన్నాను. "కంప్యూటర్లో చూపించింది లెక్కలోకి రాదు, ఉత్తరం తెచ్చుకో" అన్నాడు. దానికి మూడుసార్లు తిరగాల్సి వచ్చింది. అడిగినట్టు రాతపూర్వకంగా అర్జీ ఇస్తే ఏప్రిల్ 17న ప్రింటు ఇచ్చారు. తర్వాత ఆయన పథకం నిబంధనలు తీసి ఒక చోట వేలు పెట్టి చూపించాడు. అందులో ఉన్నది ఇది: రోడ్డు, రైలు ప్రమాదాలు, నీళ్లలో మునిగిపోవడం, నేరంతో ముడిపడ్డ మరణం లాంటివైతే పోలీసులకు చెప్పి ఉండాలి. పాము కాటు, చెట్టు మీది నుంచి పడడం లాంటివైతే వెంటనే వెళ్లిన ఆసుపత్రి రికార్డు కారణాన్ని బలపరిస్తే చాలు. అంటే మా కేసులో ఎఫ్ఐఆర్ లేకపోవడం తిరస్కరించడానికి కారణమే కాదు. బ్యాంకులో మాకిచ్చిన జాబితా రోడ్డు ప్రమాదాలది. అన్నింటికీ అదే వాడుతున్నారు.

అయితే రెండో కారణం అంత తేలిక కాదన్నాడాయన. మా డెత్ సమ్మరీ చదివి నవ్వాడు కూడా. "ఎవరు పోయినా చివరికి గుండే, ఊపిరే ఆగుతాయి. అవి ఎందుకు ఆగాయన్నది ముఖ్యం. ఇందులో అది లేదు." నిజమే. మొదటి వరసలో అన్‌నోన్ బైట్ అని ఉంది, అంటే ఏదో తెలియని కాటు. చివరి వరసలో కార్డియో రెస్పిరేటరీ అరెస్ట్. మధ్యలో పాము అన్న మాటే లేదు. గుండెపోటుకు ఈ పథకంలో డబ్బులు రావు కాబట్టి, కంపెనీ ఆ చివరి వరస పట్టుకుంది.

అక్కడి నుంచి పదిహేను రోజులు కాగితాల వేట. ప్రభుత్వాసుపత్రిలో సూపరింటెండెంట్ పేరున అర్జీ, దాంతో మరణ ధ్రువపత్రం జెరాక్సు ఇచ్చాం. తొమ్మిది రోజులకు కేస్ షీటు నకలు సంతకం, ముద్రతో ఇచ్చారు. అది చూసి రోడ్డు మీదే కూర్చుండిపోయాను. వచ్చిన సమయం ఉదయం 6.40. రెప్పలు వాలాయి, గాటు కనపడలేదు, కడుపు నొప్పి, పాము కాటు అనుమానం అని రాసుంది. విరుగుడు పది సీసాలు ఎప్పుడెప్పుడు ఎక్కించారో గంటలతో సహా ఉంది. పైన ఒక మూల మెడికో లీగల్ నంబరు కూడా ఉంది. అంటే అక్కడి డాక్టరు దీన్ని పోలీసులకు చెప్పాల్సిన కేసుగానే పుస్తకంలో ఎక్కించాడు. మేం ఒంగోలు వెళ్లిపోయేసరికి అది అక్కడితో ఆగింది. ఇది మా చేతిలో మొదటి నుంచీ ఉండాల్సిన కాగితం. మేం రెండో ఆసుపత్రిది ఇచ్చాం, మొదటిది అడగనే లేదు.

ప్రైవేటు ఆసుపత్రిలో "రికార్డులు స్టోర్లో ఉన్నాయి, రేపు రండి" అని రెండుసార్లు తిప్పారు. రోగిగానీ, ఆ తరఫువాళ్లుగానీ అడిగితే 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలని వైద్యులకు నియమం ఉందని ఆ రిటైరైన పెద్దాయన చెప్పాడు. అదే మాట అర్జీలో రాసి, తీసుకున్నట్టు సంతకం అడిగాను. మర్నాడే ఇచ్చారు, జెరాక్సులకు 500 తీసుకున్నారు. ట్రీట్‌మెంట్ చేసిన డాక్టరును కలవడం మాత్రం కష్టమైంది. ఆయన మొదట రాయనన్నాడు. "పాము నేను చూడలేదయ్యా, మీరూ చూడలేదు, ఎలా రాయను?" అన్నాడు. నేను ప్రభుత్వాసుపత్రి కేస్ షీటు ముందు పెట్టాను. చదివి కాసేపు ఊరుకున్నాడు. కట్లపాము కోరలు చిన్నవనీ, చాలాసార్లు గాటే కనపడదనీ, విషం నరాల మీద పనిచేసి ముందు రెప్పలు, చివరికి ఊపిరి తీసే కండరాలు పడిపోతాయనీ ఆయనే చెప్పాడు. చెప్పిందే రాయండి సార్ అన్నాను. ఆసుపత్రి లెటర్ మీద నాలుగు వరసలు రాశాడు: నరాల మీద పనిచేసే పాము విషం వల్ల ఊపిరి కండరాలు చచ్చుబడి, దాని మూలంగా కార్డియో రెస్పిరేటరీ అరెస్ట్ అయింది అని. మూల కారణం ఆ "మూలంగా" ముందు ఉంది. ఆ నాలుగు వరసలు నవంబరులోనే సమ్మరీలో పడి ఉంటే సరిపోయేది.

మే 7న ఈ కాగితాలన్నీ పెట్టి, నిబంధనల పేజీ జతచేసి, కంపెనీలో ఫిర్యాదులు చూసే అధికారికి రిజిస్టర్డ్ పోస్టులో పంపాం. అందినట్టు కార్డు తిరిగొచ్చింది. జవాబు రాలేదు. నెల ఆగితే బీమా కంపెనీల మీద ఫిర్యాదులు విని తేల్చే బీమా అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చు. కంపెనీకి రాయకుండా నేరుగా వెళ్తే తీసుకోరు. మన రాష్ట్రానికి ఆ కార్యాలయం హైదరాబాద్‌లో ఉంది. జూన్ 11న cioins.co.in లో ఆన్‌లైన్‌లోనే పెట్టాను. ఫీజు లేదు. లాయరును పెట్టుకోవడం కుదరదు, అవసరమూ లేదు. జులైలో రెండు ఫారాలు వచ్చాయి, నింపి పిన్ని సంతకంతో పంపాం. తర్వాత మళ్లీ మౌనం. ఈ రెండు నెలలూ పిన్ని అడగడం మానేసింది. నేను ఊరికి వెళ్తే కాఫీ ఇచ్చి, పొలం సంగతులు మాట్లాడేది.

సెప్టెంబరు 25న వీడియోలో విచారణ. పిన్నిని ఒంగోలు తీసుకొచ్చి దుకాణం వెనక గదిలో, ఎరువుల బస్తాల మధ్య కూర్చోబెట్టి నా ఫోన్ ఎదురుగా పెట్టాను. పొద్దున్నుంచి ఏమీ తినలేదు ఆమె, టెన్షన్‌తో. ఆవిడే మాట్లాడాలన్నారు. రాత్రి మూడు గంటల నుంచి జరిగింది చెప్పింది, సోడా తాగించానని చెప్పే చోట ఆగిపోయింది. కంపెనీ తరఫున వచ్చినతను పోస్ట్‌మార్టం లేదు, పామును ఎవరూ చూడలేదు అన్నాడు. అంబుడ్స్‌మన్ అడిగింది ఒక్కటే: పాము కాటు కాదనుకుంటే ప్రభుత్వాసుపత్రిలో పది సీసాల విరుగుడు ఎందుకు ఎక్కించారు? అతను కాగితాలు తిరగేశాడు. మొత్తం పదిహేను నిమిషాలు కూడా పట్టలేదు.

అక్టోబరు 17న ఉత్తర్వు కాపీ వచ్చింది. కంపెనీ 2 లక్షలు చెల్లించాలి. నవంబరు 11న పడ్డాయి. సంవత్సరీకం పెట్టిన రెండు రోజులకు.

నాకైన ఖర్చు పోస్టు, జెరాక్సులు, బస్సు చార్జీలు కలిపి 2,640. దుకాణానికి పెట్టిన సెలవులు పదకొండు. కానీ అసలు ఖర్చు అది కాదు. 90 వేల మీద రెండు రూపాయల వడ్డీ నెలకు 1,800. ఏడాదికి 21,600. క్లెయిమ్ ఫిబ్రవరిలోనే తేలి ఉంటే ఇందులో ముప్పావు వంతు మిగిలేది. పిన్ని అసలూ వడ్డీ కట్టేసింది, మిగిలిన దాంతో కౌలు బాకీ తీర్చింది. ఈ మేలో తన ఖాతాలో 456 రూపాయలు ఉండేలా ముందే వేయమని నాకు చెప్పింది. రెండు బీమాలకు కలిపి అంత. నామినీగా పిన్ని కూతురు, అంటే నా చెల్లెలి పేరు రాయించాం, పాప ఇంకా మైనరు కాబట్టి సంరక్షకురాలిగా మా అమ్మ పేరు పెట్టారు.

డబ్బులు పడ్డ రోజు రాత్రి ఫోన్ చేసింది. "నాయనా, ఆ రోజు ఆయన్ని కోయించి ఉంటే ఇవి ముందే వచ్చేవా?" అని అడిగింది.

వచ్చేవి పిన్నీ అన్నాను.

"పోనీలే. కోయకుండా తెచ్చావు" అంది.